టిక్కు పెట్టాలంటే నోట్సు మూయాలి

ఇంజినీరింగ్ సిలబస్ కాపీలో దాదాపు ఏ సబ్జెక్టు పేజీ తెరిచినా ‘కోర్స్ ఔట్‌కమ్స్’ అనే శీర్షిక కింద నాలుగైదు వాక్యాలు కనిపిస్తాయి. ఈ సబ్జెక్టు పూర్తయ్యేసరికి విద్యార్థి ఏమేం చేయగలగాలో చెప్పే వాక్యాలవి. పిల్లలు వాటిని దాటేసి నేరుగా యూనిట్ వన్‌లోకి వెళ్లిపోతారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. ఆ వాక్యాల్లో చాలావరకు తనిఖీకి వచ్చే కమిటీ కోసం రాసినట్టే ఉంటాయి.

నిజానికి అవి పుట్టింది కూడా దాదాపు అలాగే. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ‘వాషింగ్టన్ అకార్డ్’లో భారత్ 2014 జూన్‌లో శాశ్వత సభ్యత్వం పొందింది. మన తరఫున అందులో ఉన్నది నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్, అంటే ఎన్‌బీఏ. కాలేజీ ఏం చెప్పిందన్నది కాదు, విద్యార్థి ఏం చేయగలుగుతున్నాడన్నదే ఎన్‌బీఏ చూసే లెక్క. అందుకే ప్రతి సబ్జెక్టుకూ సీఓ1, సీఓ2 అంటూ నంబర్లు వచ్చాయి. చాలా కాలేజీల మిడ్ పేపర్లలో ప్రతి ప్రశ్న పక్కన మార్కులతో పాటు ఒక సీఓ నంబరూ, ఎల్1 నుంచి ఎల్6 దాకా ఒక స్థాయీ అచ్చవుతున్నాయి. ఆ స్థాయిలకు మూలం అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో చేసిన వర్గీకరణ. 2001లో దాన్ని సవరించారు. గుర్తుంచుకోవడం ఎల్1, అర్థం చేసుకోవడం ఎల్2, ప్రయోగించడం ఎల్3, విశ్లేషించడం ఎల్4. ఆపైన విలువ కట్టడం, కొత్తది రూపొందించడం.

కాలేజీ ఫైళ్లకు పనికొచ్చే ఈ సరంజామా విద్యార్థికి అంతకంటే బాగా పనికొస్తుంది. సీఓ వాక్యాన్నీ, క్లాసులో రాసుకున్న రన్నింగ్ నోట్సునూ కలిపి తనను తాను పరీక్షించుకునే చెక్‌లిస్టుగా మార్చుకోవచ్చు. ఒక్కొక్కటీ పట్టుబడినకొద్దీ టిక్కు పెట్టుకుంటూ పోవచ్చు. ఎలాగో తెలియాలంటే ఒక సీఓను తీసుకుని చివరిదాకా చేసి చూడాలి.

ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో ఇలాంటి వాక్యం ఉంటుంది: ‘ప్రాథమిక విద్యుత్ సర్క్యూట్లను అర్థం చేసుకుని విశ్లేషించగలుగుతారు.’ దీన్నే లిస్టులో ఒక గడిగా వేసుకుంటే లాభం లేదు. ‘అర్థమైందా?’ అని ఎవరిని వాళ్లు అడుగుకుంటే ‘అయ్యింది’ అనే జవాబే వస్తుంది. లిస్టులోని ప్రతి అంశం విద్యార్థి విఫలమయ్యే అవకాశం ఉన్న పనిగా ఉండాలి. కాగితం మీద చేసి చూపాలి, చేసింది తప్పో ఒప్పో తేలిపోవాలి.

అందుకని ఆ వాక్యం కిందికి నోట్సులోని ఏ పాఠాలు వస్తాయో చూడాలి. ఓమ్ సూత్రం, కిర్కాఫ్ నియమాలు, సూపర్‌పొజిషన్, థెవెనిన్, నార్టన్ సిద్ధాంతాలు. వీటిలో థెవెనిన్‌ను పట్టుకుందాం. ఎన్నో రెసిస్టర్లు, సోర్సులు ఉన్న సర్క్యూట్‌ను లోడ్ వైపు నుంచి చూస్తే ఒక వోల్టేజీ సోర్సు, దానికి వరసలో ఒక రెసిస్టెన్స్‌గా కుదించవచ్చని అది చెబుతుంది. ఫ్రాన్స్ టెలిగ్రాఫ్ శాఖలో ఇంజినీరుగా పనిచేసిన లియోన్ థెవెనిన్ 1883లో దీన్ని ప్రకటించాడు. ఈ పాఠం నుంచి తీసే గడులు ఇలా ఉండొచ్చు:

☐ లోడ్ తీసేసి, ఆ రెండు చివర్ల మధ్య వోల్టేజీ కనుక్కోగలను.
☐ వోల్టేజీ సోర్సును షార్ట్ చేసి, కరెంట్ సోర్సును ఓపెన్ చేసి, ఆ చివర్ల నుంచి కనిపించే రెసిస్టెన్స్ కట్టగలను.
☐ కుదించిన సర్క్యూట్ గీసి, లోడ్ కరెంట్ కట్టి, మరో పద్ధతిలో సరిచూడగలను.
☐ డిపెండెంట్ సోర్సు ఉన్నప్పుడు రెండో గడిలోని పద్ధతి ఎందుకు చెల్లదో చెప్పి, లెక్క చేయగలను.
☐ కుదించిన సర్క్యూట్‌లో ఏది అసలుతో సమానం, ఏది కాదు అన్నది లెక్కతో చూపగలను.

మొదటి మూడూ ఎల్3, చివరిది ఎల్4. పేరుకు ఒకే పాఠం. కానీ మొదటి మూడు గడులు నిండిన విద్యార్థికి చివరి రెండూ వచ్చినట్టు కాదు. ‘థెవెనిన్ అయిపోయింది’ అనే మాటలో ఈ తేడా దాగిపోతుంది.

ఇప్పుడు నోట్సు వంతు. పెన్సిలు పట్టుకుని ప్రతి పేజీ అంచున అది ఏ గడికి పనికొస్తుందో నంబరు వేస్తూ పోవాలి. అలా వేస్తుంటే రెండు రకాల లోపాలు బయటపడతాయి. కొన్ని గడులకు నోట్సులో పేజీయే దొరకదు. డిపెండెంట్ సోర్సు సంగతి చాలా నోట్సుల్లో ఇంతే: ‘టెస్ట్ సోర్స్ మెథడ్’ అని ఒక్క లైను, పక్కన లెక్క ఉండదు. ఇది మిడ్‌కు ముందురోజు రాత్రి తెలిస్తే చేయగలిగింది లేదు. రెండు వారాల ముందు తెలిస్తే లెక్చరర్‌ను అడగొచ్చు, లైబ్రరీలో పుస్తకం తిరగేయొచ్చు. ఇంకొన్ని పేజీలు ఏ గడికీ చెందవు. అలాంటి పేజీని కొట్టేయడానికి ముందు ‘సార్, ఈ డెరివేషన్ ఏ సీఓ కిందికి వస్తుంది?’ అని అడిగితే, అది తనకు తట్టని ఆరో గడి అని తేలొచ్చు.

గడికి ప్రశ్న కావాలి కదా. నోట్సులో చేసిన లెక్కనే మళ్లీ చేస్తే చెయ్యి దానంతటదే కదులుతుంది, బుర్రకు పని ఉండదు. అంకెలు మార్చాలి. 12 వోల్టుల సోర్సు, వరసలో 4 ఓమ్‌లు, ఆ తర్వాత అడ్డంగా 12 ఓమ్‌లు, దాని చివర్లకు 6 ఓమ్‌ల లోడ్ అనుకుందాం. లోడ్ తీసేస్తే 12 ఓమ్‌ల మీద పడే వోల్టేజీ 9. సోర్సును షార్ట్ చేస్తే 4, 12 సమాంతరంగా వచ్చి 3 ఓమ్‌లు అవుతాయి. 9 వోల్టులను 3, 6 కలిపిన 9 ఓమ్‌లతో భాగిస్తే లోడ్ కరెంట్ 1 ఆంపియర్.

తన సొంత అంకెలతో చేసిన లెక్కకు వెనక పేజీలో జవాబు ఉండదు. మూడో గడిలో ‘మరో పద్ధతిలో’ అన్నది అందుకే. అసలు సర్క్యూట్‌లో 12, 6 సమాంతరంగా కలిస్తే 4 ఓమ్‌లు. దానికి ముందున్న 4 కలిపితే 8. 12 వోల్టులకు 1.5 ఆంపియర్లు. అందులో మూడింట రెండు వంతులు 6 ఓమ్‌ల లోడ్‌లోకి పోతుంది, అంటే 1 ఆంపియర్. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చింది కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు.

ఐదో గడికి కూడా ఇదే లెక్క సరిపోతుంది. లోడ్ తీసుకునే పవర్ రెండింటిలోనూ 6 వాట్లే. కానీ అసలు సోర్సు ఇస్తున్నది 12ను 1.5తో గుణిస్తే 18 వాట్లు, కుదించిన సోర్సు ఇస్తున్నది 9 వాట్లే. సమానమన్న మాట లోడ్ చివర్లకే పరిమితం, లోపల ఖర్చయ్యే పవర్‌కు వర్తించదు. సిద్ధాంతం నిర్వచనాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పేవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

ఇక టిక్కు సంగతి. నోట్సు మూసి, ఖాళీ కాగితం మీద, మధ్యలో ఒక్కసారి కూడా చూడకుండా చేస్తేనే టిక్కు. చేసిన లెక్కను చదివి ‘ఇది నాకు తెలిసిందే’ అనుకోవడం, ఏమీ లేని కాగితం మీద దాన్ని చేయగలగడం రెండూ వేర్వేరు శక్తులు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చదవకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 75 శాతానికి 81 శాతం. వారం తర్వాత బోర్లాపడింది. చదివినవాళ్లకు 42 శాతం, రాసి చూసుకున్నవాళ్లకు 56 శాతం గుర్తుంది. పరీక్షకు ముందురోజు నోట్సు తిరగేస్తే అన్నీ వచ్చేసినట్టు అనిపించడానికి కారణం ఆ ఐదు నిమిషాల ఫలితమే.

కాబట్టి క్లాసు అయిన సాయంత్రమే పెట్టిన టిక్కును నమ్మకూడదు. టిక్కుకు బదులు తేదీ వేయడం మేలు. మొదటి తేదీ పడ్డాక రెండు మూడు రోజులాగి వేరే అంకెలతో మళ్లీ చేయాలి, ఇంకో వారానికి మరోసారి. మూడు తేదీలు పడ్డాకే ఆ గడి నిండినట్టు. మధ్యలో ఒకసారి తప్పితే పాత తేదీలు కొట్టేయాల్సిందే. మూడు అన్నది గాలి లెక్క కాదు. కెంట్ స్టేట్ యూనివర్సిటీలో కేథరిన్ రాసన్, జాన్ డన్‌లాస్కీ 2011లో చేసిన సూచన కూడా దీనికి దగ్గరగానే ఉంది: మొదటి విడత మూడుసార్లు సరిగ్గా గుర్తుకొచ్చేదాకా, ఆపైన ఎడం ఎడంగా మరో మూడు విడతలు. అయితే వాళ్లు పరీక్షించింది భావనల నిర్వచనాలను. లెక్కల గడులకు ఆ మొదటి విడతను తగ్గించుకోవచ్చు.

చెక్‌లిస్టు ఎక్కడ చెడుతుందో కూడా ముందే తెలుసు. స్లైడ్ల శీర్షికలను యథాతథంగా దించేస్తే అది విషయసూచిక అవుతుంది తప్ప పరీక్ష కాదు. ఒక్క సీఓకు ముప్ఫై గడులు వేస్తే రెండో వారానికే పుస్తకం మూలన పడుతుంది. ఏడెనిమిదికి మించనివ్వకపోవడం మంచిది. గడులన్నీ నిండినా మార్కులు రాకపోతే మాత్రం లోపం సాధారణంగా ఒకచోటే ఉంటుంది. లిస్టులో ‘థెవెనిన్’ అని పైన రాసి ఉంటుంది, పేపర్లో ఉండదు. ఏ సిద్ధాంతం వాడాలో తేల్చుకోవడం కూడా లెక్కలో భాగమే. అందుకని పాత మిడ్ పేపర్ల నుంచి సీఓ1 అని ఉన్న ప్రశ్నలన్నీ చీటీల మీద రాసి, కలిపేసి, చేతికి వచ్చింది చేయడం చివరి గడిగా పెట్టుకోవాలి. ప్రశ్నల పక్కనున్న ఆ నంబరు ఇక్కడ అక్కరకొస్తుంది.

ల్యాబ్‌కు ఈ పద్ధతి ఒంటరిగా చాలదు. బ్రెడ్‌బోర్డు మీద కనెక్షన్ ఇచ్చి మల్టీమీటర్ రీడింగు తీయగలగడాన్ని కాగితం తేల్చలేదు, పక్కన చూసేవాళ్లు ఉండాలి. ప్రాజెక్టు, డిజైన్ లాంటి ఎల్6 పనులకు తప్పొప్పులు ఒక్క అంకెతో తేలవు, లెక్చరర్ చూసి చెప్పాల్సిందే.

విద్యార్థులు తయారుచేసుకున్న లిస్టును ఒక్కసారి చూసి, తప్పిపోయిన గడులేవో చెప్పమని అడిగితే ఏ లెక్చరరైనా పది నిమిషాలు కేటాయించాలి. సీఓ వాక్యాలు రాసింది అధ్యాపకులే కాబట్టి, వాటి వెనక ఏయే పనులున్నాయో విడమరిచి చెప్పే బాధ్యతా వాళ్లదే.