బరువు తక్కువ బిడ్డల లెక్కలో చిక్కు

ఏది దేనికి కారణమో బాణాలతో గీసి చూపే బొమ్మను డైరెక్టెడ్ ఎసైక్లిక్ గ్రాఫ్ అంటారు, పొట్టిగా డాగ్. బాణం కారణం నుంచి ఫలితం వైపే సాగుతుంది, బాణాల వెంట ఎంత దూరం వెళ్లినా బయలుదేరిన చోటికి తిరిగి రాము. మోడల్లో ఏ అంశాన్ని సర్దుబాటు చేయాలో, దేని జోలికి పోకూడదో లెక్కకు ముందే తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

గర్భిణి పొగతాగితే శిశు మరణం ముప్పు ఎంత పెరుగుతుందన్నది ప్రశ్న అనుకుందాం. పేదరికం పొగ అలవాటుకూ, బిడ్డ మరణానికీ కారణం కాగలదు. దాని నుంచి రెండింటికీ బాణాలు పోతాయి కాబట్టి అది కన్‌ఫౌండర్. దాన్ని సర్దుబాటు చేయకపోతే పేదరికం చేసిన హాని కూడా పొగ ఖాతాలో పడుతుంది.

చిక్కంతా పుట్టినప్పటి బరువు దగ్గరే. 1991 నాటి అమెరికా జనన రికార్డుల్లో, పొగతాగే తల్లుల బిడ్డల మరణాల రేటు తాగనివారి బిడ్డలతో పోలిస్తే 1.55 రెట్లు. బరువును సర్దుబాటు చేయగానే అది 1.05కు దిగింది. బరువు తక్కువ పిల్లలను విడిగా చూస్తే లెక్క తలకిందులైంది: పొగతాగే తల్లుల బిడ్డలే తక్కువగా చనిపోయారు! ఈ వింతను యెరుషల్మీ అనే పరిశోధకుడు అంతకుముందే, 1971లోనే బయటపెట్టాడు. పొగ మేలు చేస్తుందా అన్న అనుమానానికి కూడా ఇది తావిచ్చింది.

బొమ్మ గీస్తే విషయం తేలిపోతుంది. పొగ బరువును తగ్గిస్తుంది, తక్కువ బరువు ప్రాణం మీదికి తేవచ్చు. ఈ దారిలో బరువు మధ్యవర్తి, అంటే మీడియేటర్. దాన్ని సర్దుబాటు చేస్తే పొగ చేసే హానిలో ఆ దారిన వచ్చే భాగం లెక్కలోంచి జారిపోతుంది. అంతటితో ఆగదు. పుట్టుకతో వచ్చే లోపాలూ బరువును తగ్గిస్తాయి, ప్రాణమూ తీస్తాయి. పొగ నుంచి ఒక బాణం, లోపాల నుంచి మరో బాణం బరువు దగ్గర ఢీకొంటాయి గనుక అదే కొలైడర్ కూడా.

బరువు తక్కువ బిడ్డలనే చూస్తే, తల్లి పొగతాగితే బరువు తగ్గడానికి ఒక కారణం ముందే దొరికింది. తాగని తల్లి బిడ్డకు వేరే కారణం ఉండాలి, అది చాలాసార్లు పొగకన్నా ప్రాణాంతకమైన లోపమే కావచ్చు. పొగకూ లోపానికీ అసలు లేని సంబంధం ఇలా సర్దుబాటు వల్లే పుట్టుకొస్తుంది. 2006లో హెర్నాండెజ్-డియాజ్, షిస్టర్‌మన్, హెర్నాన్ ఆ వింతకు బొమ్మలతో ఈ వివరణే ఇచ్చారు. మొత్తం ప్రభావం కావాలంటే పేదరికం లాంటివి సర్దుబాటు చేసి, బరువును వదిలేయాలి.

ఒక అంశం కన్‌ఫౌండరో మీడియేటరో అంకెలు చూసి చెప్పలేం, రెండూ డేటాలో ఒకేలా కనిపించగలవు. ఏది ముందు జరిగిందో, ఏది దేన్ని కదిలిస్తుందో ఆ రంగం తెలిసినవారే చెప్పాలి. పైగా గీసిన బాణం కన్నా గీయని బాణమే పెద్ద వాదన, ఎందుకంటే అక్కడ నేరుగా ప్రభావమే లేదని తేల్చి చెప్పినట్టు. అలాంటి వాదనల్లో కొన్నిటిని డేటాతో పరీక్షించవచ్చు. బొమ్మ ప్రకారం సంబంధం ఉండకూడని రెండు అంశాలు గట్టిగా ముడిపడి కనిపిస్తే, బొమ్మలో ఏదో బాణం తప్పిపోయి ఉండవచ్చు.