బేసిన్ కింద చుక్క ఎక్కడిది?

మా అక్క వాళ్లింట్లో కొత్త వాష్‌బేసిన్ పెట్టిన వారానికే కింది అరలో తడి కనిపించింది. ప్లంబర్ వచ్చి, బేసిన్ అడుగున మెరిసే రింగు చుట్టూ సిలికాన్ పూసి వెళ్లాడు. రెండు రోజులకు మళ్లీ అదే తడి. నేను టార్చి వేసి చూస్తే రింగు దగ్గర ఏమీ లేదు. కింది నట్టు థ్రెడ్ల వెంట చుక్క చుక్కగా దిగుతోంది.

వాళ్లది కడ్డీ ఉన్న పాప్-అప్ వేస్ట్. కుళాయి వెనకున్న కడ్డీని పైకి లాగితే మూత దిగి నీళ్లు నిలుస్తాయి, నొక్కితే మూత లేస్తుంది. అది బిగించేటప్పుడు అందరూ పై రింగు మీదే శ్రద్ధ పెడతారు. నిజానికి ఇల్లు తడిపేది కింది రబ్బరు.

కారణం ఓవర్‌ఫ్లోలో ఉంది. బేసిన్ అంచుకు కాస్త కిందున్న రంధ్రంలో పడ్డ నీళ్లు పింగాణీ లోపలి దారిగుండా వేస్ట్ గొట్టం దగ్గరికి చేరతాయి. అవి గొట్టంలోకి దూరడానికి దాని పక్కన చిన్న కిటికీల్లాంటి కంతలు ఉంటాయి. బేసిన్ ఖాళీ అవుతున్నప్పుడు అవే కంతల్లోంచి నీళ్లు బయటికీ వస్తాయి. అంటే గొట్టానికీ పింగాణీకీ మధ్య సందు రోజూ తడుస్తూనే ఉంటుంది. ఆ నీటిని ఆపేది అడుగునున్న రబ్బరు వాషర్ ఒక్కటే. పైన ఎంత సిలికాన్ పూసినా దానికి సాయం చేయదు.

నట్టు విప్పి చూస్తే తప్పు దొరికింది. గట్టి ప్లాస్టిక్ వాషర్ పింగాణీకి ఆని ఉంది, రబ్బరు దాని కింద ఉంది. వరస తారుమారైంది. రబ్బరు సన్నటి వైపు పైకి ఉండి బేసిన్ రంధ్రంలోకి కొంచెం దూరాలి. దాని కింద ప్లాస్టిక్ వాషర్, దాని కింద నట్టు. మధ్యలో ప్లాస్టిక్ ఉంటే నట్టు తిరిగేటప్పుడు రబ్బరు మెలిపడదు.

పాత సిలికాన్ అంతా గీకి, తుడిచి, ఆరనిచ్చాం. రింగు అడుగున సన్నటి సిలికాన్ వరస వేశాను. ఎక్కువైతే అది జారి కంతలను మూసేస్తుంది, అప్పుడు ఓవర్‌ఫ్లో ఉన్నా లేనట్టే. రబ్బరు కూర్చునే చోట థ్రెడ్ల మీద టెఫ్లాన్ టేప్ చుట్టాను. ఇక్కడ ఒక కొలత చూసుకోవాలి: కంతలు పూర్తిగా రబ్బరుకు పైనే, పింగాణీ మందంలోనే ఉండాలి. పలచటి బేసిన్‌లో కంత కిందికి దిగి రబ్బరును దాటితే ఎంత బిగించినా కారుతుంది. ఓవర్‌ఫ్లో లేని బేసిన్‌కు కంతలు లేని వేస్టే కొనాలి.

బిగించేటప్పుడు ఇద్దరుంటే మంచిది. కడ్డీ దూరే పక్క గొట్టం సూటిగా గోడవైపు ఉండేలా అక్క పైనుంచి పట్టుకుంది, నేను నట్టు మాత్రమే తిప్పాను. గొట్టం కూడా తిరిగితే సిలికాన్ చెదురుతుంది, కంత ఓవర్‌ఫ్లో దారికి పక్కకు పోతుంది. చేత్తో బిగిసినంతా బిగించి, స్పానర్‌తో ఇంకో అర చుట్టు చాలు. మించితే పింగాణీ పగులుతుంది.

ఇక అడ్డ కడ్డీ. దాని మీదున్న గుండ్రటి బంతి వాషర్ల మధ్య కూర్చుని కీలులా ఆడుతుంది. బయటి కొన లేస్తే లోపలి కొన దిగి మూతను దించుతుంది. ఆ నట్టు వదులైతే కారుతుంది, బిగువైతే కడ్డీ కదలదు. చేత్తో బిగించి, కారితేనే ఇంకాస్త తిప్పాలి. బయటి కొనను రంధ్రాల పట్టీకి క్లిప్పుతో తగిలిస్తారు. మూత సరిగా లేవకపోయినా, పూర్తిగా పడకపోయినా పట్టీ మీది స్క్రూ వదులు చేసి ఎత్తు మార్చుకోవచ్చు. బోరు నీళ్లున్న ఇళ్లలో బంతి చుట్టూ తెల్లటి పొర పేరుకుని కొన్నాళ్లకు బిగుసుకుంటుంది. అప్పుడు బలంగా లాగకుండా విప్పి కడగాలి.

సిలికాన్‌ను ఒక రోజు ఆరనిచ్చి, కింద పొడి కాగితం పరిచి పరీక్షించాం. మూత వేసి సగం నింపి వదిలేశాం. కింద చుక్క లేకుండా మట్టం తగ్గితే లోపం మూత దగ్గరో, పై రింగు దగ్గరో ఉన్నట్టు. తర్వాత ఓవర్‌ఫ్లోలోకి పోయేదాకా నింపాం, ఆపైన మూత ఎత్తి ఒక్కసారిగా వదిలాం. ఈ రెండింటిలో నట్టు దగ్గర తడిస్తే కింది రబ్బరుది తప్పు. బంతి నట్టు దగ్గర తడిస్తే కీలుది. మా కాగితం పొడిగానే ఉంది.

మీ ఇంట్లో బేసిన్ పెట్టించినా, సిలికాన్ ఆరాక ఈ మూడు పరీక్షలూ ప్లంబర్ ముందే చేయించి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.