లాభం ఎక్కువ రావడం కూడా రిస్కేనా?

మ్యూచువల్ ఫండ్ ఫ్యాక్ట్‌షీట్‌లో రిస్క్‌కు కొలతగా ఎక్కువగా కనిపించేది స్టాండర్డ్ డీవియేషన్. రాబడి తన సగటు నుంచి ఎంత చెదిరిందో అది చెబుతుంది. కిందికి చెదిరిందా, పైకి చెదిరిందా అన్నది దానికి పట్టదు. అనుకున్నదానికంటే ఇరవై శాతం ఎక్కువ వచ్చిందని ఏ మదుపరీ బెంగపడడు. ఈ లెక్క మాత్రం దాన్ని కూడా రిస్కులోనే కలుపుతుంది.

ఊహకు రెండు ఫండ్లు తీసుకుందాం. మొదటిది వరసగా నాలుగేళ్లు 14 శాతం ఇచ్చి, ఐదో ఏడు 6 శాతం నష్టపోయింది. రెండోది నాలుగేళ్లు 5 శాతం చొప్పున ఇచ్చి, ఐదో ఏడు 30 శాతం ఇచ్చింది. రెండింటి సగటూ 10 శాతమే. స్టాండర్డ్ డీవియేషన్ మొదటిదానికి 8, రెండోదానికి 10. అంటే నష్టమే ఎరుగని ఫండ్‌కే ఎక్కువ రిస్కు ముద్ర పడింది!

డౌన్‌సైడ్ డీవియేషన్ లెక్క వేరు. ముందుగా మనకు కనీసం ఎంత రావాలో పెట్టుకోవాలి. 6 శాతం అనుకుందాం. అంతకంటే తగ్గిన ఏళ్లలో లోటునే చూస్తాం, మిగతా ఏళ్లకు సున్నా వేస్తాం. మొదటి ఫండ్‌కు ఒక్క ఏడే లోటు, అదీ 12. దాని వర్గం 144ను ఐదుతో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 5.4. రెండోదానికి నాలుగేళ్లు ఒక్కొక్కటి చొప్పునే లోటు, కాబట్టి సుమారు 0.9. వరస తలకిందులైంది.

ఇక్కడ చాలామంది తడబడేది భాగహారంలో. లోటు వచ్చిన ఏళ్లతోనే భాగిస్తే మొదటి ఫండ్‌కు 12 వస్తుంది. ప్రతి ఏడూ 12 లోటు తెచ్చే ఫండ్‌కూ అదే 12. ఈ రెండూ ఒకటి కావుగా! అందుకే మొత్తం ఏళ్లతో భాగించాలి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. హ్యారీ మార్కోవిట్జ్ 1959 నాటి తన పుస్తకంలోనే నష్టం వైపును మాత్రమే కొలిచే పద్ధతిని చర్చించాడు. లెక్క సులువు కావడంతో మామూలు కొలతే నిలిచిపోయింది. లాభనష్టాలు సగటుకు రెండు వైపులా సమానంగా పరుచుకున్నప్పుడు, సగటులు కూడా ఒకటే అయితే, రెండు కొలతలూ సాధారణంగా ఒకే వరస చెబుతాయి. రాబడి ఒక వైపు ఒరిగినప్పుడు తేడా బాగా బయటపడుతుంది. ఆప్షన్లు అమ్మి చిన్న లాభాలు కూడబెట్టే వ్యూహాలు మన మొదటి ఫండ్ లాంటివి.

అయితే డౌన్‌సైడ్ డీవియేషన్‌కూ జరగని నష్టం కనపడదు. మొదటి ఫండ్‌ను నాలుగో ఏడు చివర కొలిస్తే రెండు లెక్కల్లోనూ రిస్కు సున్నాయే. పైగా కనీస రాబడిని 6 నుంచి 5కు దించితే రెండో ఫండ్ డౌన్‌సైడ్ డీవియేషన్ కూడా సున్నా అయిపోతుంది. కాబట్టి ఎవరైనా ఈ అంకె చూపిస్తే, కనీస రాబడి ఎంత పెట్టారో, లెక్కలోకి తీసుకున్న కాలంలో మార్కెట్ గట్టిగా పడిన రోజులు ఉన్నాయో లేదో ముందు అడగండి.