గంట కొట్టే గడియారం దగ్గర మొదటి పరిచయం

పెళ్ళిచూపులు అయ్యాయి. పెద్దలు "ఒకసారి బయట కలిసి మాట్లాడుకోండి" అన్నారు. ఫోన్‌లో నాలుగు మెసేజ్‌లు నడిచాయి, అందులో రెండు "తిన్నారా?" అనేవే. ఇద్దరూ మొహమాటస్తులే. ఇప్పుడు ఎక్కడ కలవాలన్నది తేల్చాలి. హైదరాబాద్‌లో చాలామందికి ముందుగా తట్టేది ఓ మంచి రెస్టారెంట్, లేదంటే మల్టీప్లెక్స్. బిడియస్తులకు ఈ రెండూ ఇబ్బంది పెట్టే చోట్లే.

రెస్టారెంట్ సంగతే చూద్దాం. ఇద్దరి మధ్య రెండున్నర అడుగుల బల్ల. తలెత్తితే ఎదుటి మనిషి ముఖం తప్ప ఇంకేమీ కనిపించదు. బ్రిటిష్ మనస్తత్వవేత్తలు మైకేల్ ఆర్గైల్, జానెట్ డీన్ 1965లో ఒక ప్రయోగం చేశారు. మాట్లాడుకునే ఇద్దరిని రెండు, ఆరు, పది అడుగుల దూరాల్లో కూర్చోబెట్టి, ఎంతసేపు కళ్ళలోకి చూసుకుంటున్నారో లెక్కపెట్టారు. దగ్గరగా కూర్చున్నకొద్దీ చూపులు కలవడం తగ్గింది. కొత్తవాళ్ళు అంత దగ్గరగా ఎదురెదురు కూర్చుంటే చూపు తప్పించడం సహజమే. చిక్కేమిటంటే, అటువైపు మనిషికి అది అయిష్టంలా కనిపిస్తుంది. తాను నచ్చలేదేమో అనుకుని ఆమె ఇంకా ముడుచుకుంటుంది, ఆమె ముడుచుకోవడం చూసి అతను కూడా. దీనికి తోడు పాటల హోరు. చుట్టూ చప్పుడు పెరిగితే ఎవరైనా తెలియకుండానే గొంతు పెంచుతారు. మెల్లగా మాట్లాడే అలవాటున్నవాళ్ళు మాత్రం రెండుసార్లు "ఏంటండీ?" అనిపించుకున్నాక "ఏం లేదులెండి" అని ఊరుకుంటారు. చెప్పబోయిన మాట అక్కడే ఆగిపోతుంది.

సినిమాలో ఈ బాధ ఉండదు, ఎందుకంటే అక్కడ అసలు మాటే ఉండదు. రెండున్నర గంటల తర్వాత ఇద్దరూ ఎక్కడ మొదలయ్యారో అక్కడే ఉంటారు.

మరి ఎలాంటి చోటు కావాలి? అమెరికాలో నగర కూడళ్ళను ఏళ్ళ తరబడి కెమెరాతో గమనించిన విలియం వైట్ 1980లో వేసిన పుస్తకంలో దీనికి పనికొచ్చే ఒక విషయం రాశాడు. వీధి గారడీవాడో, ఓ వింత శిల్పమో ఉన్న చోట, ముక్కూముఖం తెలియని వాళ్ళు కూడా పాత పరిచయం ఉన్నట్టు పక్కవాళ్ళతో మాట కలుపుతారట. ఇద్దరి మధ్య మూడోది ఒకటి ఉంటే మాట దాని మీదుగా నడుస్తుంది. నా గురించి చెప్పాలి, నీ గురించి అడగాలి అనే బరువు దిగిపోతుంది.

హైదరాబాద్‌లో అలాంటి మూడో వస్తువులు గదుల నిండా ఉన్న చోటు సాలార్‌జంగ్ మ్యూజియం. చాలామంది చిన్నప్పుడు స్కూలు బస్సులో వెళ్ళి చూసిందే. "మీరు ఇదివరకు వచ్చారా?" అన్న ప్రశ్న తడుముకోకుండా వస్తుంది, దానికి జవాబులో ఒక బాల్యం కూడా వస్తుంది.

ఒక ఆదివారం ఎలా నడవవచ్చో చూద్దాం. ఉదయం పదిన్నరకు కలుద్దాం అనుకున్నారు. "మ్యూజియం దగ్గర" అని వదిలేస్తే ముందొచ్చినవాళ్ళు రోడ్డు మీద బిక్కుబిక్కుమంటూ నిలబడాలి. టికెట్ కౌంటర్ పక్కన అని స్పష్టంగా చెప్పుకోవడం మేలు. ముందొచ్చినవాళ్ళే రెండు టికెట్లు తీసుకుంటే, డబ్బు ఎవరివ్వాలన్న గుంజాటన కౌంటర్ ముందు ఉండదు. ఎవరి దారిన వాళ్ళు రావాలి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాలి. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోలో కొద్ది దూరమే. ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లో ఒకరికో, స్నేహితురాలికో చెప్పి బయల్దేరడం తప్పనిసరి.

ముందుగా మేలిముసుగు రెబెక్కా దగ్గరికి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి కొని తెచ్చాడు. రాతినే పలచని ముసుగులా చెక్కి, దాని వెనక ముఖం కనిపించేలా చేశాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి బొమ్మను చూస్తారు, ఒకరినొకరు చూసుకోనక్కర్లేదు. ఇక్కడ అర నిమిషం మౌనంగా ఉన్నా అది చూడటం కిందే లెక్క. బిడియస్తులకు మ్యూజియం చేసే పెద్ద మేలు ఇదే.

తర్వాత జంట శిల్పం. ఒకే దుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తలవంచుకున్న మార్గరెట్టా. వెనక అద్దం ఉంటేనే ఆమె కనిపిస్తుంది. ఎటు నిలబడితే ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారో చూడ్డానికి అటూ ఇటూ జరగాల్సి వస్తుంది. "ఇటు రండి, ఇక్కణ్నుంచి బాగా కనిపిస్తోంది." మొదటి చనువైన మాట అలాంటిదే అవుతుంది.

పన్నెండుకు పది నిమిషాల ముందు సంగీత గడియారం దగ్గర చేరాలి. అందులో ఒక చిన్న కమ్మరి సెకను సెకనుకూ సుత్తి వేస్తుంటాడు. గంట కొట్టే వేళకు గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని వచ్చి, ఎన్నయితే అన్ని కొట్టి లోపలికి పోతుంది. పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు. జనం ముందే కూర్చుని ఎదురుచూస్తుంటారు.

"ఇవాళ రాకపోతే?"

"ఆదివారం కదండీ, సెలవు పెట్టాడేమో."

ఇలాంటి చిన్న పరాచికం, ముందే తయారుచేసుకున్న పది ప్రశ్నలకన్నా ఎక్కువ చెబుతుంది.

గడియారం ఇంకో సాయం కూడా చేస్తుంది. పన్నెండు కొట్టడం చూశాక విడిపోవడానికి దానంతట అదే ఓ ముగింపు దొరుకుతుంది. మొదటి కలయిక గంటన్నరకు మించకపోవడం మంచిది. "ఒంటిగంటకు ఇంట్లో ఉండాలి" అని ముందే చెప్పుకుంటే, మధ్యలో లేచి వెళ్ళడానికి సాకులు వెతకనక్కర్లేదు. ఎదుటివాళ్ళ అడుగును గమనిస్తే సంగతి అర్థమవుతుంది. ఒకరు ఆగిన చోట రెండోవాళ్ళు కూడా ఆగుతున్నారా, లేక తర్వాతి గది గుమ్మంలో నిలబడి ఫోన్ చూస్తున్నారా? రెండోదైతే గడియారం తర్వాత నమస్కారం పెట్టి విడిపోవచ్చు. ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఇద్దరికీ ఇంకాస్త ఉండాలనిపిస్తే మదీనా వైపు ఇరానీ హోటళ్ళున్నాయి. చాయ్, ఉస్మానియా బిస్కెట్ పది నిమిషాల పని. బిల్లు ఎవరిచ్చినా ఎవరూ మొహమాటపడనంత చిన్నది. అక్కడి చదరపు బల్ల దగ్గర ఎదురెదురుగా కాకుండా మూలకు అటొకరు ఇటొకరు కూర్చోవాలి. 1950ల చివర్లో కెనడాలోని ఓ ఆసుపత్రి భోజనశాలలో రాబర్ట్ సోమర్ గమనించింది అదే. బల్ల మూలకు చెరోవైపు కూర్చున్నవాళ్ళు, ఎదురెదురు కూర్చున్నవాళ్ళకన్నా, పక్కపక్కన కూర్చున్నవాళ్ళకన్నా ఎక్కువగా మాట్లాడుకున్నారు. అలా కూర్చుంటే కావాలనుకున్నప్పుడు చూడొచ్చు, వద్దనుకుంటే చూపును వీధి మీదికి మళ్ళించొచ్చు. రద్దీ వేళ మాత్రం ఈ హోటళ్ళు వద్దు. ఖాళీ కుర్చీ కనిపిస్తే ఎవరో వచ్చి అదే బల్ల దగ్గర కూర్చుంటారు, అది అక్కడి ఆనవాయితీ. ఇద్దరి మాటా ఆగిపోతుంది.

మ్యూజియానికీ లోపాలున్నాయి. పండగ సెలవుల్లో తోపులాట ఎక్కువ, రెబెక్కా ముందు నిలబడే చోటే దొరకదు. అన్నీ చూసేయాలని మొదలుపెడితే రెండో అంతస్తుకు కాళ్ళు లాగేస్తాయి, మాటలు ఆవిరవుతాయి. మూడు వస్తువులు ఎంచుకుని మిగతావి వదిలేస్తే చాలు. బంధువుల ఇళ్ళు పాతబస్తీలోనే ఉంటే వేరే చోటు చూసుకోవాలి. తెలిసినవాళ్ళ కంట పడతామన్న భయం ఉంటే ఏ శిల్పం ముందూ మనసు నిలవదు.

విశాఖలో ఉండేవాళ్ళకు ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి ఉంది. లోపల దారి ఇరుకు, ఒకరి వెనక ఒకరు నడవాలి, వివరాలు చెప్పేవాళ్ళు చెబుతుంటారు. బయటికి రాగానే "అన్ని రోజులు అందులో ఎలా ఉండేవాళ్ళో!" అని ఎవరో ఒకరు అంటారు, ఆ మాట పట్టుకుని ఇసుక మీద నడవొచ్చు. ఎండ తగ్గాక సాయంత్రం వెళ్తేనే బాగుంటుంది. దానికి సోమవారం సెలవు, సాలార్‌జంగ్‌కు శుక్రవారం. రోజు ఖాయం చేసుకునే ముందు ఆ సంగతి చూసుకోవాలి.