లైటు ఆర్పాక కూడా వెలిగే నాఫ్తలీన్

బట్టల మధ్య వేసే కలరా ఉండల్లోని నాఫ్తలీన్‌ను ఆల్కహాల్‌లో కరిగించి, ద్రవ నైట్రోజన్‌లో (-196 డిగ్రీల సెల్సియస్) గాజులా గడ్డకట్టించి, అతినీలలోహిత దీపం కింద పెట్టండి. దీపం ఆర్పేశాక కొన్ని సెకన్లపాటు అది ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంటుంది. అది ఫాస్ఫోరెసెన్స్. దీపం వెలుగుతున్నంతసేపూ అదే అణువు మరో కాంతినీ ఇస్తుంది. అది ఫ్లోరెసెన్స్. అతినీలలోహిత ప్రాంతంలో ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు.

పరీక్షలో ఈ తేడాను యబ్లాన్‌స్కీ పటంతో చూపాలి.

```
S1 ────  ~~~>
              ──── T1
    |           |
    |           |
    v           v
S0 ─────────────────
```

అడుగున S0 భూస్థాయి. కాంతిని పీల్చుకున్న ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగురుతుంది, అదనపు శక్తిని వేడిగా వదిలి S1 అడుగుకు దిగుతుంది. అక్కడి నుంచి నేరుగా S0కి దిగితే ఫ్లోరెసెన్స్. నాఫ్తలీన్‌లో దీని తరంగదైర్ఘ్యం 320 నానోమీటర్ల దగ్గర మొదలవుతుంది, ఉత్తేజిత స్థాయి ఆయుష్షు సుమారు 100 నానోసెకన్లు.

కొన్ని అణువుల్లో మాత్రం ఎలక్ట్రాన్ స్పిన్ తిరగబడి T1 అనే ట్రిప్లెట్ స్థాయికి చేరుతుంది. పటంలోని అడ్డ అలగీత ఇదే. T1 దాదాపు ఎప్పుడూ S1 కంటే కింద ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి వచ్చే కాంతికి శక్తి తక్కువ, తరంగదైర్ఘ్యం ఎక్కువ: దాదాపు 470 నానోమీటర్ల నుంచి. ఆకుపచ్చగా కనబడేది అందుకే. ఇక S0కి దిగాలంటే స్పిన్ మళ్లీ తిరగబడాలి. క్వాంటమ్ నియమం దాన్ని దాదాపు నిషేధిస్తుంది. దాంతో ఆయుష్షు రెండున్నర సెకన్ల దాకా సాగుతుంది, అంటే ఫ్లోరెసెన్స్‌కు రెండున్నర కోట్ల రెట్లు.

కారణం స్పిన్నేనని ఎలా తెలుసు? నాఫ్తలీన్‌కు ఒక అయోడిన్ పరమాణువు తగిలిస్తే ఈ ఆయుష్షు దాదాపు రెండున్నర మిల్లీసెకన్లకు పడిపోతుంది. బరువైన పరమాణువు స్పిన్‌నూ కక్ష్యా చలనాన్నీ గట్టిగా జతచేసి, ఆ నిషేధాన్ని సడలిస్తుంది.

మరి గది ఉష్ణోగ్రత దగ్గర మామూలు ద్రావణంలో ఈ వెలుగు ఎందుకు రాదు? అన్ని సెకన్లు వేచి ఉన్న అణువును ఈలోగా ఢీకొనేవాళ్లే ఎక్కువ. ముఖ్యంగా కరిగి ఉన్న ఆక్సిజన్ ఆ శక్తిని లాగేసుకుంటుంది. గడ్డకట్టించేది అందుకే.

పటంలో మార్కులు పోయేది ప్రధానంగా రెండు చోట్ల. కాంతి రాని మార్పుకు నిటారు బాణం గీయడం, T1ని S1కి సమానంగానో పైనో పెట్టడం. ఇంకొక చిక్కు: చీకట్లో మెరిసే స్టిక్కర్లను ఉదాహరణగా రాస్తారు. వాటిలో ఎక్కువగా వాడే స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో వెలుగు ఆలస్యమయ్యేది స్ఫటికంలోని లోపాల్లో ఆవేశం చిక్కుకుపోవడం వల్ల. T1తో దానికి పని లేదు.