రెండు నిమిషాల పరిచయం, ఫోన్లో ఒక రికార్డింగు

ఊరి గ్రంథాలయ వార్షికోత్సవం. ముఖ్య అతిథి ఒక నాటక రచయిత. ఆయన్ని సభకు పరిచయం చేసే పని ఒక స్కూలు టీచరుకు అప్పగించారనుకుందాం. ఆమె రాసుకున్న మొదటి వాక్యం ఇది: ‘రైతు కుటుంబంలో పుట్టి, కష్టపడి చదువుకుని, ముప్ఫై ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి, పన్నెండు నాటకాలు రచించి, వాటిలో నాలుగింటికి పరిషత్తు పోటీల్లో బహుమతులు అందుకున్న మన అతిథి...’

కాగితం మీద బాగానే ఉంది. దాన్ని చూడకుండా, నిలబడి, సభలో మాట్లాడినట్టే ఫోన్లో రికార్డు చేస్తే అసలు సంగతి బయటపడుతుంది. మన గొంతు మనకే కొత్తగా వినిపిస్తుంది. మాట్లాడేటప్పుడు మన స్వరం కొంత పుర్రె ఎముకల గుండా కూడా చెవికి చేరుతుంది, రికార్డింగులో ఆ భాగం ఉండదు. కాబట్టి గొంతు సంగతి వదిలేసి, రెండోసారి వినేటప్పుడు పెన్ను పట్టుకుని, నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు రాసుకోవాలి: ‘పనిచేసి... ఆ... అంటే... పన్నెండు నాటకాలు, ఏంటంటే, రచించి...’

ఈ ‘అంటే’లు, ‘అన్నమాట’లు, ‘సో’లు ఎన్నున్నాయన్నదానికంటే ఎక్కడ పడ్డాయన్నది చూడాలి. సాధారణంగా తర్వాతి మాట గుర్తు రాని చోటో, నోరు తిరగని పుస్తకాల మాట ముందో పడతాయి. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కదా, ‘చేసి, రాసి’ అంటూ గొలుసు కట్టుకుంటూ పోతే ముగింపు చేరేదాకా ఊపిరి బిగపట్టాల్సిందే. ‘అంటే అనకూడదు’ అని పళ్లు బిగించుకుంటే లాభం లేదు, వాక్యాన్నే మార్చాలి.

వేగం కూడా అక్కడే తెలుస్తుంది. బాగా కంఠతా వచ్చిన మొదటి ముక్కను పరుగెత్తించి, నాటకాల పేర్ల దగ్గర తడబడి నెమ్మదిస్తాం. వినేవాళ్లకు కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు. తెలిసిన మాటలు ఎంత వేగంగా చెప్పినా అందుతాయి, పేర్లు మాత్రం విడివిడిగా వినబడాలి.

దిద్దిన ప్రతి ఇలా ఉండొచ్చు: ‘వీరిది రైతు కుటుంబం. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పారు. పన్నెండు నాటకాలు రాశారు. నాలుగింటికి పరిషత్తు పోటీల్లో బహుమతులొచ్చాయి.’ ‘రచించి’ పోయి ‘రాశారు’ వచ్చింది. ప్రతి చుక్క దగ్గరా ఊపిరి తీసుకోవచ్చు. ‘ఆ...’ అనే చోట కాసేపు ఊరుకుంటే సరిపోతుంది. మనకు యుగంలా తోచే ఆ మౌనం వింటే రెప్పపాటే. అతిథి పేరు చిట్టచివర పెట్టుకోండి, చప్పట్లు దాని మీదే పడతాయి.

మళ్లీ రికార్డు చేసి, ఇంకా తట్టుకుంటున్న వాక్యాన్ని మాత్రమే దిద్దండి. ఒకటీ అరా ‘అంటే’ మిగిలితే మిగలనివ్వండి, మరీ నున్నగా చేస్తే అప్పజెప్పినట్టుంటుంది. గది రికార్డింగు హాల్లో మైకు ప్రతిధ్వనిని చూపించదు కనుక అక్కడ ఇంకాస్త నిదానించాలి. సభ రోజు పొద్దున మాత్రం రికార్డు జోలికి పోవద్దు. కొత్త లోపం వినబడితే దిద్దుకునే వ్యవధి ఉండదు.