అకౌంట్‌లో డబ్బులున్నా ఈఎంఐ ఎందుకు బౌన్స్ అవుతోంది? ఆటో డెబిట్ ఫైన్ల గొలుసు తెంచేదెలా?

మన వీడియోలు చూసే ఒక తమ్ముడు పోయిన వారం తన బ్యాంక్ స్టేట్‌మెంట్ పంపించాడు. బైక్ లోన్, నెలకి 4,850 రూపాయల ఈఎంఐ. "అన్నా, డబ్బులు వేశాను కదా, అయినా మళ్ళీ బౌన్స్ అయింది, మళ్ళీ ఫైన్ పడింది" అని అడిగాడు. ఆ స్టేట్‌మెంట్ లైన్ బై లైన్ చూస్తే విషయం మొత్తం బయటపడింది. ఈరోజు అదే చూద్దాం.

ముందు ఒక్క మాట. లోన్ తీసుకునేటప్పుడు మీరు ఓటీపీ కొట్టి ఓకే చేసిన ఆటో డెబిట్ పర్మిషన్ పేరే మాండేట్. ఇది ఎక్కువగా నాచ్ అనే సిస్టమ్‌లో నడుస్తుంది, దాన్ని నడిపేది ఎన్‌పీసీఐ. డ్యూ డేట్ రోజు లోన్ కంపెనీ "ఈ అకౌంట్‌లో ఇంత కట్ చెయ్యండి" అని రిక్వెస్ట్ పంపుతుంది. మీ బ్యాంక్ కట్ చేస్తుంది, లేదా కారణం రాసి తిప్పి పంపుతుంది. ఆ తిప్పి పంపడమే బౌన్స్.

మన తమ్ముడి మాండేట్ పాత శాలరీ అకౌంట్ మీద ఉంది. ఉద్యోగం మారాక జీతం వేరే బ్యాంక్‌లో పడుతోంది. అందుకని ప్రతి నెలా 5వ తారీఖున పాత అకౌంట్‌కి యూపీఐలో డబ్బులు పంపుతాడు. ఒక నెల ఆఫీస్ పనిలో పడి సాయంత్రం పంపాడు. కానీ రిక్వెస్ట్ పొద్దున్నే వచ్చేసింది. అప్పుడు అకౌంట్‌లో ఉన్నది 60 రూపాయలు. బౌన్స్.

ఇక్కడ రెండు ఫైన్లు పడతాయి, రెండూ వేరు వేరు. ఒకటి మీ బ్యాంక్ వేసేది. అతని బ్యాంక్ రేటు 250, దాని మీద 18 శాతం జీఎస్టీ 45, మొత్తం 295. రెండోది లోన్ కంపెనీ బౌన్స్ ఛార్జ్. అతనికి అది 500. ఇవి కాక కట్టేదాకా రోజుల లెక్కన లేట్ ఛార్జ్ ఉంటుంది.

ఇప్పుడు అసలు కథ. బ్యాంక్ తన 295లో ఉన్న 60 తీసేసుకుంది. ఇంకా 235 బాకీ. సాయంత్రం మనవాడు సరిగ్గా 4,850 వేశాడు. వేసిన వెంటనే బ్యాంక్ తన 235 పట్టుకుంది. మిగిలింది 4,615. 8వ తారీఖున లోన్ కంపెనీ మళ్ళీ 4,850కి రిక్వెస్ట్ పంపింది. 235 తక్కువ. మళ్ళీ బౌన్స్! మళ్ళీ 295, మళ్ళీ 500. ఒక్క పూట ఆలస్యానికి రెండు బౌన్సులు, 1,590 రూపాయలు. అంటే ఈఎంఐలో దాదాపు మూడో వంతు. పాపం, తను ఈఎంఐ డబ్బులు పూర్తిగానే వేశాడు. కాకపోతే పాత ఫైన్ ముందు క్యూలో నిలబడి ఉందని తెలీదు.

మరి మీకు ఇలా అయితే ఏం చెయ్యాలి?

మొదట కారణం తెలుసుకోండి. స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి ACH, NACH, RTN అనే అక్షరాలున్న లైన్లు వెతకండి. చాలా బ్యాంకుల్లో బౌన్స్, దాని ఫైన్ ఈ పేర్లతోనే కనిపిస్తాయి. ఆ లైన్‌కి ముందు బ్యాలెన్స్ ఎంతుందో చూడండి. ఈఎంఐ కంటే తక్కువుంటే మన తమ్ముడి కేసే. ఎక్కువే ఉంటే సమస్య మాండేట్‌లోనో అకౌంట్‌లోనో ఉన్నట్టు. లోన్ కంపెనీకి మెయిల్ పెట్టి "ఫలానా తేదీ బౌన్స్‌కి రిటర్న్ రీజన్ ఏంటి" అని అడగండి. కేవైసీ అప్‌డేట్ చెయ్యక అకౌంట్ ఆగిపోయి ఉండొచ్చు, మాండేట్ క్యాన్సిల్ అయి ఉండొచ్చు. వడ్డీ రేటు పెరిగి ఈఎంఐ మాండేట్‌లో ఉన్న గరిష్ఠ మొత్తాన్ని దాటి ఉండొచ్చు కూడా. వీటిలో ఏదైనా అయితే మీరు లక్ష రూపాయలు ఉంచినా డబ్బులు కట్ అవ్వవు.

రెండోది, బౌన్స్ అయిన రోజే లోన్ కంపెనీ యాప్‌లో ఈఎంఐ నేరుగా కట్టెయ్యండి. లేట్ ఛార్జ్ ఆగుతుంది, క్రెడిట్ రిపోర్ట్‌కీ మంచిది. కానీ కట్టగానే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "మళ్ళీ డెబిట్ రిక్వెస్ట్ పంపుతున్నారా" అని అడగండి. అప్పటికే పంపేసి ఉంటే, బ్యాలెన్స్ ఉంటే రెండుసార్లు కట్ అవుతుంది, లేకపోతే ఇంకో బౌన్స్. పంపేశామంటే ఆ మొత్తం అకౌంట్‌లో ఉంచండి. రెండుసార్లు కట్ అయితే రసీదు చూపించి ఒకటి వెనక్కి అడగండి.

మూడోది, వచ్చే నెల ఈఎంఐతో పాటు బ్యాంక్ పాత బాకీ, ఇంకో ఐదొందలు కలిపి ముందు రోజు సాయంత్రానికే ఉంచండి. ఆదివారం కదా, సోమవారం వేద్దాంలే అనుకోవద్దు. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ ఆదివారాలు, పండగ సెలవుల్లో కూడా నడుస్తోంది.

నాలుగోది, శాశ్వత పరిష్కారం. మాండేట్‌ని జీతం పడే అకౌంట్‌కి మార్చండి. లోన్ కంపెనీ యాప్‌లో రీపేమెంట్ అకౌంట్ మార్చే ఆప్షన్ ఉంటే నెట్ బ్యాంకింగ్, డెబిట్ కార్డ్ లేదా ఆధార్‌తో చెయ్యొచ్చు. యాప్‌లో లేకపోతే బ్రాంచ్‌కి వెళ్ళాలి. మాండేట్ రిజిస్టర్ అయితే UMRN అనే నంబర్ వస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: కొత్తది రిజిస్టర్ అవ్వకముందే పాతది క్యాన్సిల్ చేస్తారు. ఆ మధ్యలో డ్యూ డేట్ వస్తే మళ్ళీ బౌన్సే. కొత్తదాంట్లో ఒక ఈఎంఐ కట్ అయ్యాకే పాతది ఆపించండి. జీతం డ్యూ డేట్ తర్వాత పడుతుంటే డ్యూ డేట్ మార్చమని అడగండి. అన్ని కంపెనీలూ ఒప్పుకోవు, కానీ అడగడానికి ఖర్చు లేదు.

ఇక పడిన ఫైన్ల సంగతి. తప్పు మనదైతే రిక్వెస్ట్ చెయ్యడమే మార్గం. మన తమ్ముడు రెండు చోట్లా రాశాడు. రెండో బౌన్స్ కేవలం పాత ఫైన్ వల్లే అయిందని స్టేట్‌మెంట్‌తో చూపించాడు. బ్యాంక్ ఒక 295 వెనక్కి ఇచ్చింది, లోన్ కంపెనీ ఇవ్వలేదు. తప్పు వాళ్ళదైతే, అంటే బ్యాలెన్స్ సరిపడా ఉండి మాండేట్ కూడా సరిగ్గా ఉంటే, రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి నంబర్ తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. ఇంకొకటి: 2023 ఆగస్టులో ఆర్బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం లేట్ ఛార్జ్‌ని అసలులో కలిపి, దాని మీద మళ్ళీ వడ్డీ వెయ్యకూడదు. మీ లోన్ స్టేట్‌మెంట్‌లో అలా కలిపారేమో చూసుకోండి.

చివరిగా, విసుగొచ్చి మాండేట్ క్యాన్సిల్ చేస్తే లోన్ పోదు, ఈఎంఐ బాకీ అలాగే ఉంటుంది. కాబట్టి ఈరోజే ఒక్క పని చెయ్యండి: మీ మాండేట్ ఏ అకౌంట్ మీద ఉందో, ఆ అకౌంట్‌లో బ్యాంక్ బాకీ ఏమైనా ఉందో చూసుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.